మాట పడిపోయినా లెక్క తప్పలేదు

1861 చివర్లో, పారిస్ నగరం అంచున ఉన్న బిసెత్ర్ ఆసుపత్రి సర్జరీ వార్డులో తొడ ఎముక విరిగిన ఒక వృద్ధుణ్ణి చేర్చారు. పేరు లెలోంగ్, వయసు 84. ఒకప్పుడు మట్టి పని చేసిన కూలీ. అంతకు ఏడాదిన్నర ముందు ఉన్నట్టుండి పడిపోయి, తర్వాత తేరుకున్నాడు గాని మాట పడిపోయింది. అయిదంటే అయిదు మాటలు మిగిలాయి: ఫ్రెంచిలో అవును, కాదు, ఎప్పుడూ అనే మూడు మాటలు, సగానికి తెగిన తన పేరు ‘లెలో’, అయిదోది ‘త్వా’. ఫ్రెంచి వాళ్ళు మూడును ‘త్ర్వా’ అంటారు. అందులో రకారం ఆయనకు పలకలేదు.

ఆయన్ను పరీక్షించిన సర్జన్ పాల్ బ్రోకా ఆ సంభాషణను వివరంగా రాసిపెట్టాడు. పిల్లలున్నారా అని అడిగితే లెలోంగ్ అవునన్నాడు. ఎంతమంది అంటే ‘త్వా’ అన్నాడు, కానీ నాలుగు వేళ్ళు చూపించాడు. మగపిల్లలెందరు? ‘త్వా’, రెండు వేళ్ళు. ఆడపిల్లలు? మళ్ళీ ‘త్వా’, మళ్ళీ రెండు వేళ్ళు. వయసెంత అంటే ముందు ఎనిమిది వేళ్ళు, ఆ తర్వాత నాలుగు వేళ్ళు ఎత్తాడు. ఎనభై నాలుగు. నోటికి ఏ అంకె అయినా మూడే, వేళ్ళకు మాత్రం ప్రతి అంకె ఉన్నది ఉన్నట్టే.

ఇద్దరూ ఇద్దరూ నలుగురు అనే కూడిక కూడా సరిపోయిందని గమనించాలి. అడిగింది అర్థమైంది, జ్ఞాపకం ఉంది, లెక్క ఉంది, ఎదుటివాడు తన నోటి మాటను అపార్థం చేసుకోకుండా వేలితో దిద్దాలన్న ఇంగితమూ ఉంది. ఏ పని చేసేవాడివని అడిగితే పార పట్టి మట్టి ఎత్తిపోసే అభినయం చేశాడు. రాయడం వచ్చా అంటే అవునన్నాడు. ఇప్పుడు రాయగలవా అంటే కాదన్నాడు. ప్రయత్నించాడు, కలం సాగలేదు.

పక్షవాతం తర్వాత మాట దెబ్బతినే ఈ స్థితిని వైద్యులు అఫేజియా అంటారు. స్ట్రోక్ వచ్చినవారిలో దాదాపు మూడోవంతు మందిలో మొదటి రోజుల్లో ఇది ఎంతో కొంత కనిపిస్తుంది. మెదడులో భాష ఎలా తయారవుతుందో, ఎలా అర్థమవుతుందో మనకు తెలిసినదానిలో చాలా భాగం ఇలాంటి రోగుల దగ్గర నేర్చుకున్నదే. లెలోంగ్ నేర్పిన పాఠం అన్నిటికన్నా ముఖ్యమైనది. నోట మాట రాకపోవడం, తలలో ఆలోచన లేకపోవడం రెండూ ఒకటి కావు. ఇంట్లో అలాంటి మనిషి ఉన్న కుటుంబానికి ఇంతకన్నా అవసరమైన సంగతి మరొకటి లేదు.

బ్రోకాకు లెలోంగ్ రెండో రోగి. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆయన మరో రోగిని చూశాడు. చెప్పులకు వాడే చెక్క అచ్చులు చేసే లబోర్న్ అనే ఆ మనిషి ముప్పై ఏళ్ళ వయసులో మాట కోల్పోయి 21 ఏళ్ళుగా ఆ ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఏమడిగినా ‘తాఁ తాఁ’ అనేవాడు, అందుకే అక్కడ అందరూ ఆయన్ను ఆ పేరుతోనే పిలిచేవారు. ఇక్కడ ఎన్నేళ్ళుగా ఉన్నావని బ్రోకా అడిగితే, చేతి అయిదు వేళ్ళనూ నాలుగుసార్లు తెరిచి చివర ఒక వేలు చూపించాడు. ఇరవై ఒకటి. మర్నాడు అడిగినా అదే లెక్క. మూడోసారీ అడిగేసరికి తనను పరీక్షిస్తున్నారని పసిగట్టి కోపం తెచ్చుకున్నాడు. ఆ కోపంలో ఒక తిట్టు మాత్రం స్పష్టంగా వచ్చింది! ఈ తిట్టు సంగతి మళ్ళీ వస్తుంది.

కొద్ది రోజులకే లబోర్న్, ఆ ఏడాదే లెలోంగ్ మరణించారు. ఇద్దరి మెదళ్ళనూ బ్రోకా బయటకు తీసి చూశాడు. ఇద్దరికీ ఎడమవైపు, నుదుటి భాగం వెనక అంచున, కణత లోపలి ప్రాంతంలో దెబ్బ ఉంది. లబోర్న్ జబ్బు ఏళ్ళ తరబడి ముదిరింది, గాయం పెద్దది. లెలోంగ్ గాయం చిన్నది, అయినా చోటు అదే. ఆ చోటికి బ్రోకా పేరే స్థిరపడింది. 1865 నాటికి మరెందరో రోగులను చూశాక, మనిషి మాట్లాడేది మెదడు ఎడమ సగంతోనని ఆయన ప్రకటించాడు. కుడిచేతి వాటం ఉన్నవారిలో నూటికి తొంభై అయిదు మందికి పైగా ఇది నిజం. ఎడమచేతి వాటం వారిలోనూ ఎక్కువ మందికి భాష ఎడమవైపే ఉంటుంది. మెదడు ఎడమ సగం శరీరం కుడి సగాన్ని నడుపుతుంది. పక్షవాతంలో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినవారికే మాట కూడా పోవడం ఎక్కువగా కనిపించేది అందుకే.

బ్రోకా ఆ మెదళ్ళను కోయలేదు, అలాగే భద్రపరిచాడు. మంచి పని చేశాడు. దాదాపు నూట నలభై ఆరేళ్ళ తర్వాత, 2007లో, నీనా డ్రాంకర్స్ బృందం వాటిని ఎమ్మారై స్కానర్‌లో పెట్టి చూసింది. పైకి కనిపించిన దెబ్బ కంటే లోపలి దెబ్బ చాలా లోతుగా ఉంది. మెదడు ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపే పొడవాటి నరాల కట్ట ఇద్దరిలోనూ దెబ్బతింది. నిజానికి బ్రోకా ప్రాంతం ఒక్కటే పాడైతే మాట కొన్ని వారాలు తడబడి తిరిగి వస్తుందని, ఏళ్ళ తరబడి మూగబోదని అంతకు ముందే, 1970లలోనే వైద్యులు చూపించారు. మాటకు ఒక గది ఉందన్న పాత ఊహ సరిపోలేదు. చాలా చోట్లు, వాటి మధ్య దారులు కలిస్తేనే మాట.

ఆ దారుల్లో ఏం జరుగుతుందో ఒక చిన్న పరీక్షతో చూడవచ్చు. మనిషికి గరిటె బొమ్మ చూపించి ఇదేమిటని అడుగుతారు. ‘గరిటె’ అని నోరు మొదలుపెట్టడానికి ఆరోగ్యవంతుడికి దాదాపు 600 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే సెకనులో సగం కంటే కొంచెం ఎక్కువ. పీటర్ ఇండెఫ్రే, విలెం లెవెల్ట్ అనే శాస్త్రజ్ఞులు ఎన్నో ప్రయోగాలను కూర్చి ఆ కాసేపటిని దశలుగా విడదీశారు. మొదటి 200 మిల్లీసెకన్లలోపు ఆ వస్తువు ఏమిటో పోలుస్తాం. తర్వాత ఆ వస్తువుకు తగిన పదాన్ని ఎంచుకుంటాం. ఆ పదంలోని ధ్వనులు గ, రి, టె వరుసలో చేరడం ఆ తర్వాత. చివరగా నాలుక, పెదవులు, స్వరపేటిక ఎలా కదలాలో ఆదేశం తయారవుతుంది.

రోగి చేసే తప్పును బట్టి ఏ దశ దెబ్బతిన్నదో ఊహించవచ్చు. గరిటె చూసి ‘చెంచా’ అన్నవాడు వస్తువును పోల్చుకున్నాడు, పక్క పదాన్ని పట్టుకున్నాడు. ‘గటిరె’ అన్నవాడు సరైన పదమే పట్టుకున్నాడు, ధ్వనుల వరుస తప్పింది. ‘అదే... కూర... కలిపేది’ అన్నవాడికి వస్తువు పూర్తిగా తెలుసు, పేరు దొరకలేదు. ఈ మూడోది అఫేజియా ఉన్న దాదాపు ప్రతి ఒక్కరిలోనూ కనిపించే ఇబ్బంది. అంతా సరిగా ఉండి, నాలుక కండరాలు మాత్రమే బలహీనపడితే ‘గరిటె’ అనే మాటే ముద్దగా వస్తుంది. అది అఫేజియా కాదు. తేడా తెలుసుకోవడానికి ఇంటివాళ్ళకు ఒక ఉపాయం ఉంది. చదువుకున్న మనిషి చేతికి కలం ఇవ్వాలి, కుడి చెయ్యి పడిపోతే ఎడమ చేతికైనా. మాట ముద్దగా వచ్చేవాడు వంకరటింకర అక్షరాలతోనైనా సరైన మాట రాస్తాడు. అఫేజియా ఉన్నవాడికి రాతలోనూ అదే చిక్కు వస్తుంది, లెలోంగ్‌కు వచ్చినట్టే. పాడైంది నోరు కాదు, భాష.

ఇంతవరకు చెప్పింది మాట కష్టంగా వచ్చేవారి సంగతి. దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే మరో రకం ఉంది, దాన్ని ఇంటివాళ్ళు గుర్తుపట్టడం చాలా కష్టం.

1874లో జర్మనీలోని బ్రెస్లావ్ నగరంలో పనిచేస్తున్న 26 ఏళ్ళ డాక్టర్ కార్ల్ వెర్నికె ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. ఆయన వర్ణించిన రోగులు ధారాళంగా మాట్లాడతారు, స్వరం ఎత్తుపల్లాలు సహజంగా ఉంటాయి, వాక్యాలు ఆగవు. కానీ ఆ వాక్యాల్లో అర్థం ఉండదు. తెలుగులో అయితే అది ‘వాళ్ళు అక్కడ పెట్టేసి, గిలకం అయిపోయాక, ఆ మరి దాన్ని తీసుకుని వచ్చేశారు కదా’ అన్నట్టుగా వినిపించవచ్చు. ఎదుటివాళ్ళు చెప్పేదీ వారికి సరిగా అందదు. చెవులు బాగానే పనిచేస్తాయి, విన్న ధ్వనులు మాటలుగా, మాటలు అర్థాలుగా మారే చోటే దెబ్బ. ఆ చోటు ఎడమ చెవికి పైన, కాస్త వెనగ్గా ఉంటుంది. తమ మాటను తామే సరిగా వినలేరు కాబట్టి, తప్పు మాట్లాడుతున్నామని చాలామందికి తెలియదు కూడా.

ఈ రకంలో చెయ్యీ కాలూ చాలాసార్లు బాగానే ఉంటాయి. కారణం రక్తనాళంలో ఉంది. మెదడు పక్కభాగానికి రక్తం అందించే పెద్ద ధమని రెండు ముఖ్యమైన కొమ్మలుగా చీలుతుంది. పై కొమ్మ మూసుకుపోతే బ్రోకా ప్రాంతంతో పాటు దాని పక్కనే ఉండే, చేతినీ ముఖాన్నీ కదిలించే ప్రాంతం కూడా దెబ్బతింటుంది. కింది కొమ్మ మూసుకుపోతే వెర్నికె ప్రాంతం పోతుంది, కండరాలు మాత్రం చెడవు. నడుస్తూ, తింటూ, గలగలా అర్థంలేని మాటలు మాట్లాడే మనిషిని చూసి పక్షవాతం అని ఎవరికి తోస్తుంది? పిచ్చెక్కిందనో, మతి చలించిందనో, గాలి సోకిందనో అనుకుంటారు. విలువైన గంటలు అలా పోతాయి.

బ్రోకా తరహా రోగులకు వినికిడి అర్థం పూర్తిగా నిలుస్తుందని చాలాకాలం నమ్మారు. ‘టీ తాగుతారా’, ‘డాక్టరు వచ్చారు’ వంటి మాటలు వారికి తెలుస్తాయి కాబట్టి ఆ నమ్మకం నిలిచింది. 1976లో అల్ఫోన్సో కరమాజ్జా, ఎడ్గర్ జూరిఫ్ అనే పరిశోధకులు దాన్ని పరీక్షకు పెట్టారు. వారి ఆలోచనను తెలుగులోకి తెస్తే ఇలా ఉంటుంది. ‘పిల్లాడు తింటున్న జామకాయ పచ్చగా ఉంది’ అంటే ఎవరికైనా తెలుస్తుంది, జామకాయ పిల్లాణ్ణి తినదు గనుక. పిల్లాడు, తినడం, జామకాయ అనే మూడు మాటలు అందితే చాలు, మిగతాది లోకజ్ఞానం పూరించుకుంటుంది. ఇప్పుడు ఈ రెండు చూడండి: ‘పిల్లిని తరిమిన కుక్క’, ‘పిల్లి తరిమిన కుక్క’. మొదటిదానిలో తరిమింది కుక్క, రెండోదానిలో తరిమింది పిల్లి. తేడా అంతా ఒక్క ‘ని’లో ఉంది. లోకజ్ఞానం ఇక్కడ సాయపడదు, విభక్తి పట్టుబడాలి. ఇలాంటి వాక్యాల దగ్గర బ్రోకా తరహా రోగులు ఊహించి చెప్పడమే గాని, తెలిసి చెప్పలేకపోయారు.

అంటే మాట్లాడేటప్పుడు జారిపోయే విభక్తులూ ప్రత్యయాలూ వినేటప్పుడూ జారిపోతున్నాయన్నమాట. ఇంట్లో దీని ప్రభావం చిన్నది కాదు. ‘రాముకి కృష్ణ ఇచ్చిన డబ్బు’ అని మనం చెబితే ఎవరు ఎవరికి ఇచ్చారో ఆయనకు తలకిందులుగా అందవచ్చు. తల ఊపుతారు. మనం అర్థమైందనుకుంటాం.

మరి వాక్యంలో ఎవరు ఎవరిని తరిమారో పట్టుకోలేని మనిషి, వరుస ముఖ్యమైన మరే విషయాన్నయినా పట్టుకోగలడా? లెలోంగ్ వేళ్ళు లేవనెత్తిన ప్రశ్న ఇదే. రోజ్‌మేరీ వార్లీ బృందం ఇంగ్లండులో ముగ్గురు మగవారిని పరీక్షించి 2005లో దీనికి గట్టి జవాబిచ్చింది. ముగ్గురికీ తీవ్రమైన అఫేజియా. మనిషి సింహాన్ని చంపాడన్నా, సింహం మనిషిని చంపిందన్నా వారికి తేడా అందదు. అదే మనుషులకు కాగితం మీద తీసివేతలు ఇచ్చారు. 59లోంచి 13 తీసేయడం, 13లోంచి 59 తీసేయడం ఒకటి కాదని వారికి తెలుసు. కుండలీకరణాలున్న లెక్కలు కూడా చేశారు. మాటల్లో కర్త కర్మలు తారుమారైనా, అంకెల్లో ఏది ముందో ఏది వెనకో తారుమారు కాలేదు. వ్యాకరణం నడిపే మెదడు భాగాలు వేరు, లెక్క నడిపే భాగాలు వేరు. మెదడు స్కాన్ల మీద తర్వాత జరిగిన పరిశోధనలు కూడా ఇదే చెప్పాయి: లెక్క చేస్తున్నప్పుడు, చిక్కు ప్రశ్నలు విప్పుతున్నప్పుడు భాషా ప్రాంతాలు పెద్దగా చురుకవ్వవు.

అలాగని అఫేజియా ఉన్న ప్రతివారికీ లెక్కలు వస్తాయని కాదు. గాయం పెద్దదైతే పక్కన ఉన్న లెక్కల ప్రాంతాలూ దెబ్బతింటాయి, చాలామంది రోగులకు లెక్కలు కూడా కష్టమవుతాయి. కానీ ఒక్కరిలోనైనా భాష పోయి లెక్క నిలిచిందంటే, రెండూ విడివిడివని ఒప్పుకోక తప్పదు.

ఇప్పుడు లబోర్న్ తిట్టు దగ్గరికి. సొంతంగా ఒక్క మాట కూర్చలేని మనిషి కోపంలో తిట్టగలగడం, ఒకటి నుంచి పది వరకు గడగడా చెప్పగలగడం, వారాల పేర్లు, చిన్ననాటి శ్లోకం, బాగా నోటికి పట్టిన పాట చరణం అనగలగడం అఫేజియాలో తరచుగా కనిపిస్తుంది. ‘అయిదు’ అని చెప్పమంటే చెప్పలేనివాడు ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు’ అని మనం మొదలుపెడితే ‘అయిదు’ అందుకుంటాడు. వరుసగా కంఠస్థమైనవి ఒక్క ముక్కగా బయటకు వస్తాయి, వాటికి పదం పదం వెతికి కూర్చే పని లేదు. కుడివైపు మెదడు, లోతైన భాగాలు వాటిని చాలావరకు మోయగలవు. 1973లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు దీని ఆధారంగా ఒక చికిత్స రూపొందించారు. రోగి ఎడమ చేతిని తాళంలా తడుతూ, అవసరమైన చిన్న వాక్యాలను రాగం తీసి పలికిస్తారు, తర్వాత మెల్లగా రాగం తగ్గిస్తారు. అభ్యాసం చేసిన వాక్యాలు చాలామందికి వస్తాయి. కొత్త వాక్యాలకు ఆ ఫలితం అంతగా పాకదు, అది దాని పరిమితి.

తెలుగువాళ్ళలో చాలామందికి ఒక భాష కాదు, రెండో మూడో ఉంటాయి. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే హైదరాబాదీకి స్ట్రోక్ వస్తే ఏ భాష పోతుంది? ఎక్కువమందిలో అన్ని భాషలూ దాదాపు ఒకే తీరుగా దెబ్బతిని, ఒకే తీరుగా కోలుకుంటాయి. కొందరిలో మాత్రం ఒకటి ముందు వస్తుంది. 1895లో ఫ్రెంచి వైద్యుడు ఆల్బెర్ పీత్ర్, జబ్బుకు ముందు రోజూ ఎక్కువగా వాడిన భాషే ముందు తిరిగి వస్తుందన్నాడు. అది ప్రతిసారీ నిజం కాదు, కానీ చికిత్స ఏ భాషలో మొదలుపెట్టాలో నిర్ణయించేటప్పుడు ఇంట్లో ఏం మాట్లాడేవారని అడగడం తప్పనిసరి. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 608 మంది స్ట్రోక్ రోగుల వివరాలు పరిశీలించి 2016లో ప్రచురించింది. రెండో అంతకు మించో భాషలు వచ్చినవారిలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగా నిలిచింది, ఒకే భాష వచ్చినవారిలో అది 19.6 శాతమే. అయితే అఫేజియా రావడంలో మాత్రం ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆలోచన, భాష వేరువేరు లెక్కలని ఈ గణాంకాలూ తమ పద్ధతిలో చెబుతున్నాయి.

కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది. తర్వాత నెమ్మదిస్తుంది గాని ఆగిపోదు, ఏళ్ళ తర్వాత కూడా స్పీచ్ థెరపీ వల్ల మెరుగైనవారున్నారు. ఎక్కువ గంటలు, విడవకుండా సాధన చేసినవారికి ఫలితం ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. పెద్ద ఆసుపత్రుల్లో స్పీచ్ థెరపిస్టులుంటారు, సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రమూ ఉంది. ఆరు నెలలు దాటింది, ఇక మాట రాదని ఎవరైనా చెబితే ఆ మాట పట్టుకుని మానేయకూడదు.

ఇంట్లో చేయగలిగింది కూడా ఉంది, అది పైన చెప్పినదానిలోంచి వచ్చేదే. చిన్న వాక్యాలు చెప్పాలి, ఎవరు ఎవరికి అన్నది తిరగబడే వాక్యాలు మానాలి. ‘కృష్ణ డబ్బు ఇచ్చాడు. రాము తీసుకున్నాడు’ అని రెండుగా విడగొట్టాలి. టీవీ ఆపి, ముఖం ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. చెవుడు కాదు గనుక గట్టిగా అరవనవసరం లేదు. జవాబు కోసం ఆగాలి, 600 మిల్లీసెకన్లలో జరగాల్సిన పనికి ఇప్పుడు పది సెకన్లు పట్టవచ్చు. అవును, కాదు అనేవి తారుమారు కావడం మామూలే కాబట్టి ముఖ్యమైన విషయాన్ని వేలితో, బొమ్మతో, వస్తువు చూపించి మరోసారి నిర్ధారించుకోవాలి. పొలం అమ్మకం, ఆపరేషన్, పెళ్ళి సంబంధం వంటి విషయాలు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆయన్ను అడక్కుండా తేల్చేయడం అన్యాయం. మాట రానంత మాత్రాన ఆయన ఇంటి పెద్దగా ఉండటం మానలేదు.

అన్నిటికన్నా ముందు కాలం. రక్తం అందని ప్రతి నిమిషం మెదడులో సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని లెక్కకట్టారు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి మాట తడబడినా, అర్థంలేని మాటలు గలగలా వచ్చినా, చెప్పింది అర్థం కాకపోయినా, చెయ్యీ కాలూ బాగున్నాయి కదా అని ఆగకండి. మాట ఎన్ని గంటలకు మారిందో గుర్తుపెట్టుకుని, 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళండి.